ఎక్స్‌పోర్ట్ ఇంకా తయారవుతోంది: ఆగాలా, రద్దు చేయాలా?

వీణపాఠం:
మా ఛానల్లో సంగీత పాఠాల వీడియోలన్నీ కలిపి 400 జీబీ దాకా ఉంటాయి. మొన్న గూగుల్‌లోని మన డేటా కాపీ తీసుకునే టేక్‌ఔట్, అంటే takeout.google.com లో YouTube ఒక్కటే టిక్ పెట్టి, లింకు మెయిల్‌కి వచ్చేలా అడిగాను. ఇంకా తయారవుతోందనే చూపిస్తోంది. ఎంత శాతం అయిందో ఎక్కడా లేదు. రద్దు చేసి మళ్లీ పెట్టాలా? పైగా వచ్చే వారమంతా నేను ఇంట్లో ఉండను. లింకు ఏడు రోజులే ఉంటుందంటున్నారు, అది అడిగిన రోజు నుంచి లెక్కా?

చివరిబెంచి:
అక్కా, ఇన్నాళ్లు కదలకపోతే అది ఇరుక్కున్నట్టే. రద్దు కొట్టి మళ్లీ పెట్టండి. ఏడు రోజులూ అడిగిన రోజు నుంచే మొదలవుతాయి కాబట్టి సగం ఇప్పటికే పోయాయి. ఆర్కైవ్‌ను ముక్కలు చేసి ఇస్తారు కదా, ఈసారి ఆ ఫైలు సైజు 50 జీబీ పెట్టండి. ముక్కలు తక్కువైతే పని తక్కువ.

దస్త్రాలగది:
తమ్ముడూ, ఏడు రోజులన్న మాట నిజమే, కానీ మొదలయ్యేది అడిగినప్పుడు కాదు. ఆర్కైవ్ తయారై డౌన్‌లోడ్‌కి సిద్ధమయ్యాక సుమారు ఏడు రోజులు ఉంటుంది. తయారవుతున్న రోజులు అందులోకి రావు. కాబట్టి వీణపాఠం గారికి ఇంతవరకూ ఏమీ పోలేదు.

శాతం సంగతి: ఆ పేజీలో శాతం చూపే పట్టీ ఉండదు. Export progress కింద కాపీ తయారవుతోందని, గంటలు గానీ రోజులు గానీ పట్టవచ్చని రాసి ఉంటుంది, అంతే. నిన్నా ఈరోజూ అదే వాక్యం కనబడిందంటే పని ఆగిందని కాదు. పేజీని ఎన్నిసార్లు రీఫ్రెష్ చేసినా అంతకు మించి తెలియదు. takeout.google.com/manage లో మీ ఎక్స్‌పోర్టులన్నీ వరసగా ఉంటాయి, మెయిల్ కంట పడకపోయినా సిద్ధమైందో లేదో అక్కడ తెలుస్తుంది. ఛానల్ బ్రాండ్ అకౌంట్ కింద ఉంటే మాత్రం, ఏ అకౌంట్‌లో ఉండి అడిగారో అదే అకౌంట్‌లో ఉండి చూడాలి. వేరే దానిలోంచి చూసి ఏమీ లేదని కంగారుపడేవాళ్లు చాలామంది.

ఇంకొక సంగతి అడగాలి. మీరు గూగుల్ అకౌంట్‌కి అదనపు భద్రత ఇచ్చే Advanced Protection లో చేరి ఉన్నారా? ఉంటే ఆర్కైవ్‌ను భద్రత కోసం రెండు రోజుల తర్వాతికి పెడతారు. అప్పుడు ఈ ఆలస్యం మామూలే.

వీణపాఠం:
లేదండీ, అందులో చేరలేదు.

సాయంసంధ్య:
ఇంత ఎందుకండీ, YouTube Studio తెరిచి వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కితే Download వస్తుంది కదా. నేను మా అమ్మాయి నాట్యం వీడియోలన్నీ అలాగే దించుకున్నాను. ఎదురుచూడడం లేదు, గడువు లేదు.

దస్త్రాలగది:
పది వీడియోలకైతే మీ దారే హాయి. కానీ అక్కడ వచ్చేది 720p, లేదంటే 360p. టేక్‌ఔట్‌లో వీడియో మీరు ఎక్కించిన రూపంలోనో, H264 ఉన్న MP4 గానో వస్తుంది. తీగ మీద వేలు ఎక్కడ పడుతోందో చూపించే పాఠానికి ఆ తేడా చిన్నది కాదు.

చివరిబెంచి:
సరే అన్నా, రోజుల లెక్క నాకు తప్పుగా తెలుసు. 50 జీబీ మాట మాత్రం వదలను. చిన్న ముక్కలు పెడితే పూటంతా క్లిక్‌లే.

దస్త్రాలగది:
అసలు వాదించాల్సింది దాని గురించే. వీణపాఠం గారి లైన్ నికరంగా 5 ఎంబీపీఎస్ ఇస్తుందనుకుందాం. గంటకు 2.25 జీబీ, రాత్రింబగళ్లు ఆపకుండా నడిస్తే రోజుకు 54. ఏడు రోజులకు 378 జీబీ. అంటే ఒక్క నిమిషం ఆగకపోయినా 400 జీబీ గడువులోపు దిగదు! 10 ఎంబీపీఎస్ ఉంటే నాలుగు రోజుల్లోపే అయిపోతుంది. కాబట్టి ముందు మీ లైన్ నిజంగా ఎంత ఇస్తుందో కొలుచుకోండి, ప్లాన్ కాగితం మీద ఉన్న అంకె కాదు.

ఇక సైజు. 5 ఎంబీపీఎస్ మీద 50 జీబీ ముక్క దిగడానికి 22 గంటలు. 45 జీబీ దిగాక కరెంటు పోయి మొదటికొస్తే ఏడు రోజుల్లో దాదాపు ఒకటి పోయినట్టే. అదే 10 జీబీ ముక్కైతే నాలుగున్నర గంటలు, పోయేదీ అంతే. నలభై క్లిక్‌లు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ గడువు ఉన్నచోట పోగొట్టుకోలేనిది సమయం. పైగా ఒక ఆర్కైవ్‌ను ఐదుసార్లకు మించి దించుకోనివ్వరు, ఆ తర్వాత కొత్తది అడగాల్సిందే.

చివరిబెంచి:
మధ్యలో తెగిపోయింది కూడా ఆ ఐదులోకి వస్తుందా?

మబ్బుతునక:
నాకు వచ్చినట్టే కనబడింది.

సాయంసంధ్య:
నాకు తెలిసినవాళ్లొకరు అంతకంటే ఎక్కువసార్లే మొదలుపెట్టారు, ఆపలేదట.

మబ్బుతునక:
ఇదంతా లింకు తీసుకోవడం వల్ల వచ్చిన తిప్పలు. Delivery దగ్గర డ్రైవ్ ఎంచుకుంటే ఆర్కైవ్ సరాసరి మీ డ్రైవ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. దానికి ఏడు రోజుల గడువు లేదు, ఐదుసార్ల లెక్కా లేదు. తీరిగ్గా దించుకోవచ్చు. పెద్ద ఛానల్‌కి ఇది తప్ప వేరే దారి చెప్పడం తప్పని నా అభిప్రాయం.

దస్త్రాలగది:
చోటు ఉన్నవాళ్లకు మీ మాటే సరైనది. కానీ ఉచితంగా ఉండేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, ఫోటోలు కూడా. 400 జీబీ పెట్టాలంటే స్టోరేజ్ కొనాలి. అందరికీ అదే దారి అనడం నేను ఒప్పుకోను. OneDrive, Dropbox, Box కూడా ఆ జాబితాలో ఉన్నాయి, వాటిలో ఇప్పటికే చోటు ఉంటే సరే.

మబ్బుతునక:
ఒక నెలకు కొని, దించుకున్నాక మానేయొచ్చుగా. ఏళ్ల తరబడి చేసిన పాఠాలకు ఆ మాత్రం ఖర్చు పెద్దదేమీ కాదు.

వీణపాఠం:
మరి నేను ఇప్పుడు రద్దు చేయాలా, వద్దా? అది చెప్పండి.

దస్త్రాలగది:
ఆలస్యమైందని రద్దు చేయకండి. కొత్తగా అడిగితే పని మళ్లీ మొదటి నుంచి. కానీ మీ విషయంలో ఇంకొకటి ఉంది. మీరు లేని వారంలో అది సిద్ధమైతే ఏడు రోజులూ తాళం వేసిన ఇంట్లోనే గడిచిపోతాయి. బయల్దేరే ముందు రోజుకీ మెయిల్ రాకపోతే, అప్పుడు Cancel export కొట్టి, వెళ్లేముందే డ్రైవ్‌కి పెట్టండి. డ్రైవ్ వద్దనుకుంటే తిరిగొచ్చాక 10 జీబీ ముక్కలతో అడగండి.

ఈలోపు ఒక చిన్న పని చేయొచ్చు. ఇప్పటి ఎక్స్‌పోర్ట్ అయిపోయాక గానీ, రద్దు చేశాక గానీ, YouTube కింద వీడియోల గడి తీసేసి, వ్యాఖ్యలు, ప్లేలిస్టుల వంటివి మాత్రం అడగండి. తేలిక కాబట్టి త్వరగా వస్తుంది. వీడియోలలో ఏవి కావాలో ఎంచుకునే వీలు అక్కడ లేదు, అన్నిటికీ ఒకటే గడి.

దిగాక మాత్రం వెంటనే దేన్నీ తుడిచేయకండి. ఆర్కైవ్‌లో archive_browser.html అనే ఫైలు ఉంటుంది, రాని ఫైళ్లేమైనా ఉంటే అందులో తెలుస్తుంది. ఫైలు పేర్లు -001, -002 అని వరసగా ఉంటాయి, మధ్యలో నంబరు ఎగిరిపోయిందేమో చూడండి. వీడియోల వివరాల CSV లోని వరసల లెక్కను ఫోల్డర్‌లోని వీడియోలతో పోల్చండి. అడిగిన తర్వాత మీరు ఎక్కించిన పాఠాలు ఇందులో ఉండకపోవచ్చు, వాటిని విడిగా దాచుకోండి. ఈ పోలిక ఏడు రోజులలోపే చేయాలి. తక్కువ పడ్డ ముక్కను మళ్లీ దించుకునే వీలు అప్పటివరకే.

వీణపాఠం:
లైన్ కొలిచాను, 6 దగ్గర ఊగుతోంది. అంటే ఆపకుండా నడిచినా ఆరు రోజులు దాటుతుంది, నాకు ఆ భరోసా లేదు. రద్దు చేసి డ్రైవ్‌కే పెడుతున్నాను. ఒక నెల స్టోరేజ్ తీసుకుంటాను.

చివరిబెంచి:
నేను మాత్రం ఈసారి 50 జీబీతోనే చేస్తానన్నా. మా లైన్ 100 ఎంబీపీఎస్. తెగితే ఐదులో ఒకటి తగ్గుతుందో లేదో చూసి ఇక్కడే చెప్తాను.