కీలో 8, ప్రశ్నకు జవాబు 10: పరీక్షకు ముందే హాల్లో చెప్పి ఉండాల్సిందా?

గోదారి ఇన్విజిలేటర్
మాది భీమవరం దగ్గర డిగ్రీ కాలేజీ. స్టాటిస్టిక్స్‌లో ఈ ఏడాదే చేరిన మేడమ్ మిడ్ పేపర్ తయారు చేశారు. 20 బిట్లు, బిట్‌కి ఒక మార్కు. అందులో ఒకటి: "చెరువులో వల విసిరి పట్టిన ఐదు రొయ్యల బరువులు 14, 16, 18, 20, 22 గ్రాములు. శాంపిల్ వేరియన్స్ ఎంత?" దాని వెనకే ఉన్న బిట్ సగటుకు స్టాండర్డ్ ఎర్రర్ అడుగుతుంది. పరీక్ష పదింటికి. 9:48కి కీని కవర్లో పెట్టబోతూ మేడమ్ ఆగిపోయారు. మొదటి బిట్‌కి 8, రెండోదానికి 1.41 అని ఉంది. 8 అయితే రెండోది 1.26 రావాలి కదా! మొదట ప్రశ్న "తొట్టిలో ఉన్న ఐదు రొయ్యలు" అని ఉండేదట. ముందురోజు రాత్రి దాన్ని చెరువు, వల, శాంపిల్ అని మార్చారు, ఆ బిట్ కీ మాత్రం పాతదే ఉండిపోయింది. అప్పటికే మూడు హాళ్లకూ కట్టలు వెళ్లిపోయాయి. పరుగున వెళ్లి చెప్పబోతే మా సీనియర్ సర్ ఆపారు. మేడమ్ కీలో 8 కొట్టేసి 10 రాసి, సంతకం పెట్టి, టైమ్ వేసి ఇచ్చారు. ఇప్పుడు 8 పెట్టిన పిల్లలు గొడవ చేస్తున్నారు. ముందే చెప్పి ఉండాల్సిందా?

తణుకు శీను
చెప్పాల్సిందేనండి, ఇందులో డౌటేముంది? పన్నెండు నిమిషాలు ఉన్నాయి. మూడు హాళ్లలో బోర్డు మీద "శాంపిల్ కాబట్టి n−1 తో భాగించండి" అని రాస్తే అయిపోయేది. దాచిపెట్టి తర్వాత కీ మార్చారంటే పిల్లలకి అనుమానం రాదా?

కాకినాడ పాత పరీక్షల విభాగం
శీను గారూ, మీరు రాయమన్నది సవరణ కాదండి, జవాబే. ఆ బిట్ అడిగేదే n తో భాగించాలా, n−1 తోనా అని. బోర్డు మీద అది రాసేశాక ఇంక పరీక్షించడానికి ఏం మిగిలింది?

నేను ఈ పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి ఒక మాట అడుగుతాను. పేపర్లో ఏ అక్షరం తప్పు? ఏదీ లేదు. చెరువు ఉంది, శాంపిల్ అని ఉంది, లెక్కలున్నాయి, ఆప్షన్లలో 10 ఉంది. తప్పు ఉన్నది పిల్లలు ఎప్పటికీ చూడని కాగితంలో. దాన్ని సరిదిద్దడానికి హాల్లోకి వెళ్లడం ఎందుకు? ప్రశ్నే జవాబు లేకుండా అచ్చయినప్పుడు, ఒక అంకె ఎగిరిపోయినప్పుడు, సరైన ఆప్షన్ అసలు లేనప్పుడు హాల్లో చెప్పక తప్పదు.

ఇంకో సంగతి. పేపరు ఎన్ని సెట్లు?

గోదారి ఇన్విజిలేటర్
నాలుగు సెట్లు సర్. ఏ సెట్‌లో ఈ బిట్ ఏడోది, బీ సెట్‌లో పన్నెండోది. మిగతా రెండింట్లో గుర్తులేదు.

కాకినాడ పాత పరీక్షల విభాగం
అదీ. మూడు హాళ్లకు ముగ్గురు ఇన్విజిలేటర్లు. అందులో ఒకరు తెలుగు, ఒకరు బోటనీ అనుకోండి. మేడమ్ గుమ్మంలో నిలబడి "ఏడో బిట్" అని చెప్పి పక్క హాలుకి పరిగెడతారు. బోటనీ ఆయన అందరికీ "ఏడో బిట్ సరిచూసుకోండి" అంటారు. బీ సెట్ పిల్లాడు తన ఏడో బిట్ చూస్తాడు, అక్కడ ఏ కోరిలేషనో ఉంటుంది. బాగానే పెట్టిన జవాబు కొట్టేసి ఇంకోటి దిద్దుతాడు. ఓఎమ్ఆర్ షీటులో దిద్దిన బుడగ చెరపడం తెలిసిందే కదా. ఒక బిట్ గొడవ నాలుగు బిట్లకి పాకుతుంది. ఒక హాల్లో చెప్పి ఇంకో హాల్లో చెప్పకపోతే, అప్పుడు పిల్లల గొడవ న్యాయమైనదే అవుతుంది.

ఈ మేడమ్ చేసిన పనిలో నాకు నచ్చింది టైమ్ వేయడం. ఒక్క జవాబు పత్రం కూడా చూడకముందే కీ మారిందని ఆ టైమే చెబుతుంది. పేపర్లు దిద్దాక కీ మారిస్తే, ఎవరికోసం మార్చారన్న మాట వస్తుంది. అప్పుడు ఎంత సరైన మార్పయినా నిలబడదు.

ఉండి చెరువు గట్టు
ఆయ్, నాకు లెక్కలు రావు గానీ రొయ్యలు తెలుసండి. అసలు ఐదు రొయ్యలతో కౌంట్ ఎవరు కడతారు? మేం వల నాలుగు వైపులా విసిరి, పడినవన్నీ కలిపి తూకం వేసి, లెక్కబెట్టి అప్పుడు కౌంట్ చెబుతాం. మీ లెక్కలో సగటు 18 గ్రాములు, అంటే కేజీకి 55, 56 వస్తాయి. కానీ 14 గ్రాములది 71 కౌంటు, 22 గ్రాములది 45 కౌంటు. రెండూ ఒకే చెరువులో ఉంటే కొనేవాడు ఊరుకుంటాడా? కోత పెడతాడు. ప్రశ్నే తప్పని నా అభిప్రాయం.

తణుకు శీను
బాబాయ్, ఇక్కడ బేరం కాదు జరిగేది 😀

అమలాపురం లెక్కల మాస్టారు
నవ్వకండి శీను గారూ, ఆయన అసలు విషయం దగ్గరికే వచ్చారు. మేడమ్ తొట్టిని చెరువుగా మార్చినప్పుడు మారింది ఇదే. తొట్టిలో ఉన్నవే ఐదు రొయ్యలైతే మనకు కావలసింది ఆ ఐదింటి సంగతే. సగటు 18, తేడాల వర్గాలు 16, 4, 0, 4, 16. మొత్తం 40, ఐదుతో భాగిస్తే 8. చెరువులో పట్టిన ఐదైతే మనకు కావలసింది నీళ్లలో ఉండిపోయిన మిగతా రొయ్యల సంగతి.

ఇక్కడ ఒక చిక్కు. తేడాలు కొలవాల్సింది చెరువు మొత్తం సగటు నుంచి, అది మనకు తెలీదు. చేతిలో ఉన్న ఐదింటి సగటు 18 నుంచి కొలుస్తున్నాం. చెరువు అసలు సగటు 19 అనుకోండి. 19 నుంచి కొలిస్తే వర్గాలు 25, 9, 1, 1, 9, మొత్తం 45. 17 అనుకున్నా 45 వస్తుంది. 18 దగ్గరే అన్నిటికంటే తక్కువ, 40. మన శాంపిల్ సగటు నుంచి కొలిస్తే మొత్తం ఎప్పుడూ కాస్త తక్కువే పడుతుంది. ఆ తరుగు భర్తీ చేయడానికే ఐదు బదులు నాలుగుతో భాగిస్తాం. 10 వస్తుంది.

పాలకొల్లు బీఎస్సీ
సర్, నేను ఆ కాలేజీ కాదు గానీ నేనైనా 8 పెట్టేవాణ్ణే. ఇంటర్ టూఏలో వేరియన్స్ అంటే n తోనే భాగించాం. శాంపిల్ అన్న మాట చూసి ఫార్ములా మారిపోతుందని మాకు ఎవరు చెప్పారు? కాలిక్యులేటర్లో రెండూ ఉంటాయి, σx ఒకటి, sx ఒకటి. ఏది నొక్కాలో చెప్పరు, తప్పు నొక్కితే మార్కు పోయింది అంటారు.

కాకినాడ పాత పరీక్షల విభాగం
అది పాఠంలో చెప్పారా లేదా అన్న ప్రశ్న బాబూ, పేపర్ ప్రశ్న కాదు. చెప్పి ఉంటే 10. ఇన్విజిలేటర్ గారూ, క్లాసులో ఏం చెప్పారో కనుక్కోండి.

అమలాపురం లెక్కల మాస్టారు
కనుక్కునే ముందు నాదొక అనుమానం. మేడమ్‌కి తప్పు ఎలా తెలిసింది? 8, 1.41 పొసగవు అనుకున్నారు. నిజానికి అవి పొసుగుతాయండి!

పాత పద్ధతిలో చెప్పే మాస్టార్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు శాంపిల్ వేరియన్స్‌ని n తోనే భాగిస్తారు, 8. ఆ తరుగుని తర్వాతి మెట్టులో సరిచేస్తారు. స్టాండర్డ్ ఎర్రర్ దగ్గర s/√n కాకుండా s/√(n−1) వాడతారు. √(8/4), అంటే √2, 1.41. కొత్త పద్ధతిలో ముందే నాలుగుతో భాగించి 10 తెచ్చుకుని, తర్వాత √(10/5) అంటారు. అదీ √2. రెండు దారులూ రెండో బిట్‌లో ఒక్కచోటే కలుస్తాయి. మొదటి బిట్‌లోనే విడిపోతాయి.

కాబట్టి రెండో బిట్ మీద ఎవరికీ గొడవ ఉండకూడదు. మొదటి బిట్‌లో 8 పెట్టి రెండోదాంట్లో 1.41 పెట్టిన పిల్లాడు పాత పద్ధతి నేర్చుకున్నవాడు, విషయం తెలిసినవాడు. 8 పెట్టి 1.26 పెట్టినవాడికే తెలీదు. రెండు బిట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

గోదారి ఇన్విజిలేటర్
కనుక్కున్నాను సర్. మేడమ్ తన సెక్షన్‌కి n−1 అనే చెప్పారు, నోట్సులో ఉంది. రెండో సెక్షన్‌కి చెప్పేది మా సీనియర్ సరే, హాల్లో చెప్పొద్దని ఆపినాయన. ఆయన నోట్సులో s/√(n−1) ఉంది. మీరు చెప్పిన పాత దారే.

తణుకు శీను
అంటే ఆపినాయన పిల్లలకే దెబ్బ తగిలిందా! అందుకే అన్నాను చెప్పాల్సిందని.

కాకినాడ పాత పరీక్షల విభాగం
చెప్పినా ఏం చెప్పేవారు శీను గారూ? ఆ నిమిషంలో ఇద్దరిలో ఎవరికీ ఈ తేడా తెలీదు. మేడమ్ "n−1" అని చెబితే రెండో సెక్షన్ పిల్లలు రెండో బిట్‌లోనూ ఆ 10 తీసుకుని వాళ్ల ఫార్ములా ప్రకారం √(10/4) చేసి 1.58 తెచ్చుకునేవారు. ఆప్షన్లలో అది ఉందా?

గోదారి ఇన్విజిలేటర్
లేదు సర్. 1.26, 1.41, 2, 3.16.

కాకినాడ పాత పరీక్షల విభాగం
మరి చూడండి. హాల్లో చెప్పకపోవడమే మంచిదయింది, కారణం వాళ్లు అనుకున్నది కాకపోయినా. ఇప్పుడు చేయాల్సింది డిపార్ట్‌మెంట్ కూర్చుని, ఇద్దరి నోట్సులూ ముందు పెట్టుకుని, ఆ బిట్‌కి 8, 10 రెండూ ఒప్పుకుంటూ కాగితం మీద రాయడం. ఏపీపీఎస్సీ లాంటివాళ్లు కూడా ముందు ప్రిలిమినరీ కీ పెట్టి అభ్యంతరాలు తీసుకునేది ఇందుకే. అందరికీ మార్కు కలపొద్దు. కలిపితే 40 పెట్టినవాడికీ, ఖాళీ వదిలినవాడికీ వచ్చేస్తుంది.

అమలాపురం లెక్కల మాస్టారు
ఇక్కడ మీతో నేను ఏకీభవించను. 8 అందరికీ ఎందుకు? మేడమ్ సెక్షన్‌లో నోట్సు n−1 అని స్పష్టంగా ఉంటే, అక్కడ 8 పెట్టినవాడు నేర్చుకోనివాడే. రెండో సెక్షన్‌కి మాత్రమే రెండూ ఒప్పుకోవాలి.

కాకినాడ పాత పరీక్షల విభాగం
ఒకే పేపరుకి సెక్షన్‌కో కీ పెడితే ఎవరైనా ఒప్పుకుంటారా? నా సర్వీసులో చూడలేదు.

పాలకొల్లు బీఎస్సీ
ఇంకోటి సర్. పేపర్లో "శాంపిల్ వేరియన్స్" బదులు "చెరువు మొత్తం వేరియన్స్‌ని అంచనా వేయండి" అని రాసి ఉంటే మా మాస్టారు పాత పద్ధతి చెప్పినా 10 అనే పెట్టేవాళ్లమా?

అమలాపురం లెక్కల మాస్టారు
పెట్టేవారు. పాత పద్ధతిలోనూ చెరువు మొత్తానికి అంచనా వేయమంటే n−1 తోనే వెళ్లాలి. అలా అడిగి ఉంటే రెండు నోట్సులూ ఒకే జవాబిచ్చేవి.

ఉండి చెరువు గట్టు
అయితే నేను చెప్పినట్టు ప్రశ్నే తప్పన్నమాట. 😀