తెల్లవారుజామున 5 గంటలకే లేచిపోతున్న 14 నెలల బాబు: వెలుతురా, పగటి నిద్రా?

ప్రశ్న: మేము హైదరాబాదులో ఉంటాము. మా బాబు రాత్రి 8 గంటలకు పడుకొని, తెల్లవారుజామున 5 గంటలకే లేచి కూర్చుంటున్నాడు. 7 గంటలకు మళ్లీ కళ్లు నులుముకుంటాడు కనుక పడుకోబెడితే గంటన్నర నిద్రపోతాడు. మధ్యాహ్నం 1 నుంచి 2.30 వరకు మరో నిద్ర. తూర్పు కిటికీకి పలుచని కర్టెన్ ఉంది. కారణం వెలుతురేనా?

ఒక సభ్యుడు: రాత్రి 10 గంటల దాకా ఆడించండి. ఆలస్యంగా పడుకుంటే ఆలస్యంగానే లేస్తాడు.

పిల్లల వైద్యురాలైన సభ్యురాలు: ఆ సలహాలో సగం నిజముంది కాని, శరీర గడియారం ఒక్క రాత్రిలో జరగదు; 10 గంటలకు పడుకున్నా చాలామంది పిల్లలు 5 గంటలకే లేచి, పగలంతా చిరాకు పడతారు. లెక్క చూడండమ్మా. రాత్రి 9 గంటలు, పగలు 3 గంటలు, మొత్తం 12. ఈ వయసుకు 11 నుంచి 14 గంటలు చాలు కనుక బాబుకు నిద్ర తక్కువ కాలేదు, తెల్లవారుజామున పోయినది ఉదయం 7 గంటలకు పడే నిద్రలో తిరిగి వస్తోంది. మెలకువగా ఉన్నకొద్దీ పేరుకునే నిద్ర అవసరం 5 గంటలయ్యేసరికి చాలావరకు తీరిపోయి ఉంటుంది; కొద్దిసేపటికే మరో నిద్ర దొరుకుతుందంటే ఇంకా పడుకునే అవసరం శరీరానికి ఉండదు. ఆ ఉదయపు నిద్రను రెండు మూడు రోజులకొకసారి 15 నిమిషాల చొప్పున వెనక్కి జరుపుతూ ఉదయం 9 గంటలకు తెచ్చి, 45 నిమిషాలకు లేపండి. అప్పుడు మధ్యాహ్న నిద్ర 1.30కి మొదలవుతుంది. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది.

వెలుతురు కూడా చిన్న విషయం కాదు. మే నెలాఖరులో ఇక్కడ సూర్యోదయం 5.40 ప్రాంతంలో అవుతుంది, అంతకు అరగంట ముందే గదిలోకి వెలుగు వస్తుంది. ఆ వేళ పడే వెలుతురు గడియారాన్ని ఇంకా ముందుకు లాగుతుంది. 5.15కు ఆ గదిలో దీపం వేయకుండా నిలబడి, చాచిన చేతి వేళ్లు లెక్కపెట్టగలిగితే, కిటికీకి మందపాటి దుప్పటి కట్టవలసిందే. లేవగానే లైటు వేయడం, బాల్కనీలోకి తీసుకెళ్లడం కూడా 6 గంటల దాకా మానండి.

మరొక సభ్యురాలు: మా మామగారు కూడా 4 గంటలకే లేస్తారండి. ఆయనకూ దుప్పటి కట్టమంటారా?

వైద్యురాలు: పెద్దవయసులో గడియారం సహజంగానే ముందుకు జరుగుతుందండి, అది వేరే చర్చ.

ప్రశ్న అడిగినవారు: లేవగానే పాలు పట్టిస్తున్నాను. పైగా 4.50కి అపార్ట్‌మెంటు నీళ్ల మోటారు వేస్తారు.

వైద్యురాలు: పాలు రోజూ అదే వేళకు ఇస్తే ఆకలి కూడా ఆ వేళకే అలవాటవుతుంది, నాలుగైదు రోజులకొకసారి పది నిమిషాలు ఆలస్యం చేయండి. మోటారు సంగతి ఇక్కడ కూర్చొని తేల్చలేను. అది వేయని రోజున కూడా లేస్తే కారణం అది కాదు. బాబు నిద్రలో గట్టిగా గురక పెడితే మాత్రం ఈ మార్పుల కోసం ఆగకుండా డాక్టరుకు చూపించండి.