ఆందోళన గ్రూప్‌లో పదేపదే భరోసా అడిగే అమ్మాయి, ఏం చేయాలి?

నమస్కారం. నేను గుంటూరులో సైకాలజిస్టుని. ఇంటర్ చదివే ఏడుగురు పిల్లలతో ఆందోళన తగ్గించే గ్రూప్ నడుపుతున్నాను. వారానికొకటి చొప్పున పది సెషన్లు, ఒక్కోటి గంటన్నర. చేర్చుకునే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాను. ఆత్మహత్య ఆలోచనలు గట్టిగా ఉన్న ఒకబ్బాయిని మాత్రం సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను.

మొన్న నాలుగో సెషన్ అయింది. ఒక అమ్మాయి ఐదు నిమిషాలకోసారి "నేను ఫెయిలవుతానా మేడమ్?" అని అడుగుతుంది. మిగతావాళ్లు "ఏం కాదులే" అంటారు. ఆ ఊరట కాసేపే, మళ్లీ అదే ప్రశ్న. ఆ ఓదార్పే భయాన్ని నిలబెడుతోంది. ఈలోగా, నలుగురిలో మాట్లాడాలంటేనే భయపడే ఇద్దరబ్బాయిలు నోరు విప్పడం లేదు. వాళ్లకు ఇక్కడ మాట్లాడటమే అసలు సాధన, పాపం ఆ అవకాశమే దొరకడం లేదు.

వాళ్లిద్దరినీ ముందు జంటలుగా మాట్లాడించి, తర్వాత అందరి ముందుకు తెద్దామనుకుంటున్నాను. ఆ అమ్మాయి అడిగినప్పుడు ఎవరూ జవాబు చెప్పకుండా, "ఇప్పుడు టెన్షన్ పదికి ఎంత?" అని మాత్రమే అడగాలని గ్రూపంతా కలిసి నియమం పెట్టుకోవచ్చా? తనను వేలెత్తి చూపినట్టు అనిపిస్తుందేమో, ముందు విడిగా మాట్లాడి ఒప్పించాలా? ఇలాంటి గ్రూపులు నడిపినవాళ్లు మీరేం చేశారో చెప్పండి.