వరి కొయ్యకాళ్లు కాల్చొద్దన్న ఉత్తరం అందరికీ వచ్చింది కదా, మరి నా మడి ఎందుకు పాలిపోయింది?

గట్టుమీద
కోతలప్పుడు సంఘం వ్యవసాయ నిపుణుడు రాసిన ఉత్తరం గుర్తుందిగా. కొయ్యకాళ్లు తగలబెడితే గడ్డిలోని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది, పైమట్టిలో సూక్ష్మజీవులు చస్తాయి, ఏటా ఇలాగే చేస్తే సేంద్రియ కర్బనం తగ్గి నేల గట్టిపడుతుంది, కాబట్టి కలియదున్నండి అన్నాడు. సరే అని విన్నాను. కోత మిషన్ వదిలిన గడ్డి మొత్తం రోటవేటర్‌తో మట్టిలో కలిపి, ఇరవై ఐదు రోజులు ఆగి నాటాను. ఎకరం మడి. పన్నెండో రోజుకి మడంతా పాలిపోయింది. పక్క మడాయన నిప్పు పెట్టాడు, ఆయన పైరు నిగనిగలాడుతోంది. రోజూ గట్టు మీదికొచ్చి నవ్విపోతున్నాడు.

మూడు సంగతులు చెప్పండి. నాది ఎందుకిలా అయింది? బూడిదలో పొటాష్ ఉంటుందంటారు, నిజమేనా? గడ్డిని ముక్కలు చేసే యంత్రం సంఘం తరఫున వంతులవారీగా ఇమ్మని ఎవరైనా అడిగారా?

నిప్పుకణిక
మీ పక్క మడాయన్ని నేను కాదు గానీ, నవ్వాల్సిన విషయమే. పదిహేనేళ్లుగా కాలుస్తున్నాను. దిగుబడి తగ్గింది లేదు. బూడిద అంటే పొటాషే, నేను పొటాష్ కొనడం ఎప్పుడో మానేశాను. కాండం తొలిచే పురుగు కూడా మంటలోనే పోతుంది. ఉత్తరం రాసినాయన కుర్చీలో కూర్చుని రాశాడు, దున్నే డీజిల్ ఆయన పోయడుగా.

పాతల్యాబ్
భూసార పరీక్షల్లో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఒక్కసారి నిప్పు పెట్టారంటే ఆ నేల చచ్చినట్టే. అందులో మళ్లీ సూక్ష్మజీవులు పుట్టవు. నా చేతి మీదుగా వెళ్లిన మట్టి నమూనాలకు లెక్కే లేదు. ఇందులో వాదన అనవసరం.

తడిసాలు
సార్, అనుభవానికి దండం. కానీ అంత మాట అనకండి. మంట వేడి నేలలోకి బాగా దిగేది పైన రెండున్నర సెంటీమీటర్ల దాకానే. ఒకసారి కాలిస్తే అక్కడి బాక్టీరియా తగ్గుతుంది, కొద్ది రోజుల్లో మళ్లీ పుంజుకుంటుంది. ఏటా కాలుస్తూ పోతేనే ఆ పుంజుకోవడం తగ్గుతుంది. అసలు నష్టం వేడి కంటే తిండి లేకపోవడం వల్ల. గడ్డి బరువులో 40 శాతం దాకా కర్బనమే, అది గాలిలో కలిసిపోతే నేలలో బతికేవి ఏం తింటాయి? చచ్చిపోతుందని భయపెడితే, మర్నాడు పచ్చగా ఉన్న పైరు చూసి రైతు ఉత్తరం మొత్తాన్నే కొట్టిపారేస్తాడు.

పాతల్యాబ్
నేను భయపెట్టలేదు, హెచ్చరించాను. తేడా తెలుసుకోండి.

వెన్నుబరువు
మా అమ్మకి ఆయాసం. కోతలైన వారం పది రోజులు కిటికీలు తెరవం, రాత్రంతా కూర్చునే ఉంటుంది. మీరు బాక్టీరియా గురించి కొట్టుకుంటున్నారు.

మోపులవాడు
అసలీ గొడవే నాకు లేదు. కాల్చను, దున్నను. గడ్డి మోపులు కట్టించి పశువులున్నవాళ్లకి ఇచ్చేస్తాను. ఆరు పంటలైంది. మడి శుభ్రం, మనసు శుభ్రం. అందరూ ఇలాగే చేస్తే ఉత్తరాల అవసరమే ఉండదు.

తడిసాలు
అన్నా, బాధపడకుండా విను. ఎకరానికి రెండు టన్నుల గడ్డి అనుకో. అందులో 25 నుంచి 30 కిలోల పొటాషియం ఉంటుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు లెక్కలో 50 కిలోల పైమాటే. కాల్చినవాడికి అందులో ఐదో వంతు పోతుంది, మిగతాది బూడిదలో ఉంటుంది. గడ్డి మొత్తం బయటికి పంపినవాడికి అంతా పోతుంది. పొటాష్ ఒక్కదాన్నే చూస్తే నిప్పుకణిక కంటే నీ మడే ఎక్కువ పోగొట్టుకుంటోంది. ఆ పశువుల పేడ తిరిగి నీ మడికే వస్తోందా?

నిప్పుకణిక
హహహ! ఇదీ నేను చెప్పేది. నిపుణుడి ఉత్తరంలో ఈ ముక్క ఎందుకు లేదు?

మోపులవాడు
పేడ ఎందుకొస్తుంది, వాళ్లు వాళ్ల పొలాలకే వేసుకుంటారు. అయినా నేను తీసేది మిషన్ కోసి వదిలిన పైగడ్డి, మోకాలెత్తు కొయ్యలు మడిలోనే ఉంటాయి. అది లెక్కలో చూపించవా?

తడిసాలు
అది నా తప్పే. కొయ్యలు ఉంటే దాదాపు సగం మిగిలినట్టు. మిగతా సగానికైనా పొటాష్ వెయ్యాల్సిందే. కోత తర్వాత వాన పడి గడ్డి బాగా నానిన ఏడు నీకు నష్టం ఇంకా తక్కువ, గడ్డిలో పొటాషియం నీళ్లకి సులువుగా దిగిపోతుంది.

నిప్పుకణికా, నువ్వు అప్పుడే నవ్వకు. మిషన్ గడ్డిని వరసగా వదులుతుంది, నువ్వు నిప్పు పెట్టేది ఆ వరసకే. బూడిదంతా ఆ చార కిందే పడుతుంది, రెండు చారల మధ్య మట్టికి ఏమీ లేదు. తర్వాతి పైరు చారలు చారలుగా, ఒకచోట ముదురు రంగు, పక్కనే లేతరంగు, కనిపించలేదా ఎప్పుడూ? పైగా గాలికి ఎగిరిన బూడిద పక్కవాడిది, మొదటి వానకి కొట్టుకుపోయింది కాలవది. నత్రజని చూస్తే రెండు టన్నుల గడ్డికి 10 నుంచి 16 కిలోలు, అది దాదాపు పూర్తిగా పోతుంది.

నిప్పుకణిక
చారలు కనిపిస్తాయి. అది మిషన్ చక్రాల వల్ల అనుకున్నాను. కానీ పదిహేనేళ్ల దిగుబడి అబద్ధమా?

తడిసాలు
అబద్ధం కాదు. యూరియా అప్పుడెంత వేసేవాడివి, ఇప్పుడెంత వేస్తున్నావు, అది చెప్పు.

నిప్పుకణిక
అది నా సొంత విషయం.

దమ్ముచక్రం
పురుగు మాట ఎవరూ పట్టించుకోలేదు. కాండం తొలిచే పురుగు కొయ్య అడుగున, నేలకి ఆనుకుని ఉండే భాగంలో దూరి ఉంటుంది. గడ్డి పైపైన భగ్గుమని కాలిపోతుంది, మొదలు పచ్చిగానే మిగులుతుంది. కాలిన మడిలో పది కొయ్యలు పీకి మొదలు చీల్చి చూడండి, నేను చూశాను, బతికున్న పురుగు దొరికింది. మొదలంటా కోసి దున్ని నీళ్లు పెడితేనే అది పోతుంది. అయితే కింద దాకా కొయ్యమంటే మిషన్ డ్రైవరు వింటాడా? ఆలస్యమవుతుంది, బ్లేడుకి రాయి తగులుతుంది అంటాడు.

బురదకాళ్లు
మా దగ్గర డ్రైవరుతో గొడవపడి అరమడి కోయించుకుని ఆపేశాం. మిగతా సగం వారం తర్వాత ఇంకో మిషన్ వచ్చింది, ఈలోగా గింజ రాలిపోయింది. డ్రైవర్లతో పెట్టుకోకండి.

అసలు ప్రశ్నకి వస్తే, గట్టుమీద గారికి అది జింక్ లోపం. ఎకరానికి సరిపడా జింక్ సల్ఫేట్ కొట్టండి, వారంలో తిరుగుతుంది.

తడిసాలు
జింక్ కూడా తోడై ఉండొచ్చు, కాదనను. కానీ జింక్ అయితే ఆకుల మీద తుప్పు రంగు చుక్కలు రావాలి. గట్టుమీద గారూ, నాలుగు సంగతులు చూసి చెప్పండి. పాలిపోయింది కింది ఆకులా, కొత్త ఆకులా? చుక్కలున్నాయా? మడిలో నడిస్తే బుడగలొస్తున్నాయా, కుళ్లిన గుడ్డు వాసన ఉందా? ఒక దుబ్బు పీకితే వేళ్లు ఏ రంగు? ఇంకొకటి, ఆ ఇరవై ఐదు రోజుల్లో నేల తడిగా ఉన్నది ఎన్ని రోజులు?

గట్టుమీద
కింది ఆకులు ముందు, ఆకంతా ఒకే తీరుగా. చుక్కల్లేవు. కాలు పెడితే బుడబుడమని బుడగలు, వాసన ఉంది. వేళ్లు నల్లగా ఉన్నాయి, కొసలు మాత్రం తెలుపు. బురదలో చెయ్యి పెడితే గడ్డి ఇంకా బంగారం రంగులోనే తగిలింది, లాగితే తెగలేదు.

తడి అంటారా? పొడి దుక్కిలోనే కలిపాను. కాలవ ఆలస్యమైంది. నీళ్లు పెట్టింది దమ్ముకి ఐదు రోజుల ముందు.

తడిసాలు
అదీ సంగతి. ఇరవై ఐదు కాదు, మీ గడ్డి మగ్గింది ఐదు రోజులే. ఎండుమట్టిలో ఎండుగడ్డి నెల రోజులున్నా అలాగే ఉంటుంది.

గడ్డిలో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం అరవై, డెబ్బై పాళ్లు. దాన్ని తినే సూక్ష్మజీవులకి ఆ కాస్త నత్రజని చాలదు, అందుకని నేలలోది లాక్కుంటాయి. నాటేటప్పుడు మీరు వేసిన యూరియా వాటి నోట్లోకి పోయింది. అవి చచ్చాక ఆ నత్రజని తిరిగి వస్తుంది, కానీ మీ మొక్క అప్పటిదాకా ఆగదు. దానికి తోడు నీళ్ల కింద గాలి లేకుండా మగ్గని గడ్డి కుళ్లి వేళ్లను దెబ్బతీస్తోంది. కొసలు తెల్లగా ఉన్నాయి కాబట్టి కోలుకుంటుంది.

ఇప్పుడు ముందు యూరియా చల్లకండి, నల్లబడ్డ వేరు దాన్ని అందుకోలేదు. నీళ్లు పూర్తిగా తీసేయండి. మూడు నాలుగు రోజుల్లో సన్నని నెర్రెలు పడతాయి, వాసన పోతుంది. అప్పుడు పలచగా నీళ్లు పెట్టి ఎకరానికి 17, 18 కిలోల యూరియా వేయండి. ఇది అదనం కాదు, తర్వాతి దఫాలోంచి ముందుకు జరపడమే.

దమ్ముచక్రం
మరి కోతకీ నాటుకీ మధ్య పది రోజులే ఉన్నవాళ్లం ఏం చెయ్యాలి? ఉత్తరంలో అదీ లేదు.

తడిసాలు
పది రోజులైతే మొత్తం గడ్డి కలపొద్దు, పైగడ్డి తీసేసి కొయ్యలు మాత్రం కలపండి. సమయం ఉన్నవాళ్లు గడ్డి ముక్కలు చేసి, నేల తడిపి, అదే 17, 18 కిలోల యూరియా దుక్కిలో వేసి లోతు లేకుండా కలపండి. తడి తగిలిన రోజు నుంచి మూడు వారాలు లెక్కపెట్టండి. దమ్ముకి ముందు ఒక పోచ తీసి రెండు వేళ్లతో లాగాలి, గోధుమరంగుకి తిరిగి తేలిగ్గా తెగితే సరే. తెగకపోతే ఆగండి.

పాతల్యాబ్
కుళ్లబెట్టే ద్రావణాలు చల్లితే తొందరగా అయిపోతుంది. మూడు వారాలెందుకు?

బురదకాళ్లు
చల్లాను సార్. ఎండుగడ్డి మీద చల్లాను. మర్నాటికి ద్రావణమూ ఎండింది.

గట్టుమీద
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. నీళ్లు తీశాను, ఐదో రోజుకి నెర్రెలు పడ్డాయి, యూరియా వేశాను. కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయి, తెల్లవేళ్లు కూడా. పల్లంగా ఉన్న మూలలో మాత్రం నీళ్లు దిగక పది పదిహేను దుబ్బులు అలాగే ఉండిపోయాయి. పిలకలు పక్క మడి కంటే తక్కువే, దిగుబడి ఎంతొస్తుందో కోతలో తెలియాలి. సంఘానికి వెళ్లి, తడి తగిలిన రోజు నుంచి లెక్కపెట్టాలని ఉత్తరంలో ఒక వాక్యం కలపమని అడిగి వచ్చాను.

నిప్పుకణిక
ఈసారి అరెకరం కాల్చకుండా చూస్తాను. నమ్మి కాదు, ఆ చారల సంగతి తేల్చుకుందామని.

గట్టుమీద
మంచిది. నా మూడో ప్రశ్న ఇంకా అలాగే ఉంది. యంత్రం గురించి ఎవరైనా అడిగారా?