భయం లేదు, అపరాధభావమే ఉంది: దీనికి విజయవాడ, గుంటూరులో ఎవరిని కలవాలి?

అందరికీ నమస్కారం. మా అక్క విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. 2021 సెకండ్ వేవ్‌లో ఒక పెద్దాయనకి సిద్ధం చేసిన వెంటిలేటర్‌ని, సిఫారసుతో వచ్చిన ఇంకొకరికి పెట్టమని పైవాళ్లు చెప్పారు. అక్కే మార్చింది. పెద్దాయన తెల్లారేసరికి పోయారు.

డాక్టరు దీన్ని పీటీఎస్‌డీ అన్నారు, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసుని వదలని భయాందోళనల సమస్య. ఆ రాత్రిని మళ్లీ మళ్లీ చెప్పించి, ఇప్పుడు ప్రమాదం లేదని మనసుకి అలవాటు చేసే థెరపీ మొదలుపెట్టారు. కానీ అక్కకి భయం లేదు. ఉలికిపాట్లు, పీడకలలు లేవు, అదే ఐసీయూలో డ్యూటీ చేస్తోంది. “నా చేత్తోనే చేశాను” అంటుంది, అంతే. దుర్గమ్మ కొండెక్కడం కూడా మానేసింది.

వియత్నాం యుద్ధ సైనికులకి వైద్యం చేసిన జొనాథన్ షే దీన్ని మోరల్ ఇంజురీ అన్నారు. పీటీఎస్‌డీకి భయం ముఖ్యమైతే, ఇందులో తన విలువలకి తానే ద్రోహం చేశానన్న సిగ్గు ముఖ్యం. రెండూ కలిసీ రావచ్చట. ఇది అధికారిక రోగనిర్ధారణల్లో లేదు కాబట్టి చీటీ మీద కనపడదు.

అడాప్టివ్ డిస్‌క్లోజర్ అనే పద్ధతిలో, తను గౌరవించే మనిషి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని జరిగింది చెప్పిస్తారట. ఇలాంటిది తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు విజయవాడ, గుంటూరుల్లో ఎవరైనా ఉన్నారా? ఈలోగా ఇప్పటి థెరపీ కొనసాగించాలా, ఆపమని డాక్టరుతో మాట్లాడాలా?