వాల్వ్ అని ఎక్కిస్తే “వాల్వును” దగ్గర హెచ్చరిక: టర్మ్ బేస్ ఎలా పెట్టుకుంటున్నారు?

గాజువాక_వాణి
పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీకి నెలనెలా భద్రతా బులెటిన్ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చేస్తున్నాను. చాలాకాలం నడిచే పని కాబట్టి మెమోక్యూలో టీఎం, టర్మ్ బేస్ మొదటి నుంచీ పద్ధతిగా పెట్టుకోవాలని ఉంది. టర్మ్‌లన్నీ ఎగ్జాక్ట్ మ్యాచ్‌తో ఎక్కించాను. వాక్యంలో “వాల్వును మూసేయండి” అని రాస్తే టర్మ్ వాడలేదని క్యూఏ హెచ్చరిస్తోంది. “అనుమతి పత్రం” కూడా అంతే, “పత్రాన్ని” రాగానే హెచ్చరిక. ఇలా వందలు వస్తుంటే నిజంగా జరిగిన తప్పు వాటి మధ్య కనపడకుండా పోతోంది. మీరంతా ఏం చేస్తున్నారు?

ఎంవీపీ_రాజు
మ్యాచింగ్‌ను 50% ప్రిఫిక్స్‌కి మార్చండి మేడమ్, అయిపోతుంది. మాట ముందు భాగం కలిస్తే చాలు, విభక్తి ఏదైనా ఒప్పుకుంటుంది.

లాసన్స్‌బే_ఎడిటర్
రాజు గారూ, హెచ్చరికలు తగ్గే మాట నిజమే. కానీ “పత్రం” ఉండాల్సిన చోట ఎవరైనా “పత్రిక” అని రాసినా అది ఊరుకుంటుంది. భద్రతా సూచనల్లో అంత వదులు పనికిరాదు.

వాణి గారూ, తెలుగు వైపు మ్యాచింగ్ కస్టమ్ అని పెట్టి, మాటలో మారని భాగం తర్వాత నిలువు గీత పెట్టండి. “వాల్వ్”లో చివరి పొల్లు మారిపోతుంది చూడండి: వాల్వును, వాల్వులు. అందుకని గీత పొల్లుకి ముందు రావాలి. రాసేసిన మాట మధ్యలోకి కర్సర్ వెళ్లదు. ముందు “వాల్వ” టైప్ చేసి, గీత పెట్టి, ఆ తర్వాత పొల్లు కొట్టండి:

```
వాల్వ|్
```

పొల్లు విడిగా చుక్కల వలయం మీద కనిపిస్తుంది. కంగారు పడకండి, వాక్యంలోకి తెచ్చుకున్నప్పుడు గీత పోయి “వాల్వ్” అనే వస్తుంది.

సున్నాతో ముగిసే మాటలకు ఒక్క రూపం చాలదు. పత్రంలో, పత్రంతో ఒక దారి. పత్రాన్ని, పత్రానికి, పత్రాలు ఇంకో దారి. “పత్ర” దగ్గరే గీత పెడితే మళ్లీ పత్రిక దూరుతుంది. అందుకే ఒకే ఎంట్రీలో తెలుగు వైపు రెండు పెడతాను:

```
అనుమతి పత్రం*
అనుమతి పత్రా|లు
```

రెండిట్లో ఏది కనపడినా క్యూఏ ఒప్పుకుంటుంది. ప్రమాదం, పరికరం, యంత్రం అన్నిటికీ ఇదే పద్ధతి.

గాజువాక_వాణి
చాలా థాంక్సండీ, పత్రం, వాల్వ్ రెండూ దారికొచ్చాయి. “వర్క్‌షాప్” మాత్రం ఇంకా పట్టుకోవట్లేదు. అక్షరం అక్షరం పోల్చి చూశాను, రెండు చోట్లా ఒకేలా ఉంది.

ఎంవీపీ_రాజు
అది జీరో విడ్త్ నాన్ జాయినర్. కంటికి కనపడదు. టీఎంఎక్స్ ఎక్స్‌పోర్ట్ చేసి అన్నీ తీసిపారేయండి. అవి ఉంటే మ్యాచ్ శాతం కూడా పడిపోతుంది.

లాసన్స్‌బే_ఎడిటర్
రోగం సరిగ్గా పట్టారు, మందు మాత్రం వద్దు. అది తీసేస్తే “వర్క్షాప్” అని క్ష ఒత్తు పడుతుంది, ఎవరూ అలా చదవరు. మ్యాచ్ శాతం ఇంగ్లీషు వైపు లెక్కేస్తారు కాబట్టి దానికీ దీనికీ సంబంధం లేదు. దెబ్బ తినేది టర్మ్ చెక్, తెలుగు వైపు వెతుకులాట.

ఫైండ్‌లో రెగెక్స్ ఆన్ చేసి `\u200C` వెతకండి. వాక్యంలో ఒకటి, టర్మ్‌లో రెండు ఉండొచ్చు. లేదా వర్డ్ నుంచి కాపీ చేసినప్పుడు మాట చివర ఒకటి అంటుకుని ఉండొచ్చు. మాట మధ్యలో అవసరమైన చోట ఒక్కటే, చివర ఉండకూడదు అని ఇప్పుడే నియమం రాసి పెట్టుకోండి.

గాజువాక_వాణి
చివర అంటుకునే ఉందండీ! పాత ఎక్సెల్ జాబితాలోంచి వచ్చింది.

డాబాగార్డెన్స్_ప్రెస్
మా దగ్గర పాత సేఫ్టీ పుస్తకాలు అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. వాటిని నేరుగా టీఎంలోకి ఎక్కించొచ్చా?

లాసన్స్‌బే_ఎడిటర్
నేరుగా కుదరదు సార్. లోపల ఉన్నది తెలుగు అక్షరాలు కాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు చదివి సరిచూసి, అప్పుడు అలైన్ చేయాలి. చదవకుండా ఎక్కిస్తే విరిగిన ఒత్తులే వంద శాతం మ్యాచ్‌గా తిరిగొస్తాయి.

సీతమ్మధార_లత
వాణి గారూ, టీఎం సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. క్లయింటు రివ్యూలో చేసే మార్పులు టీఎంలోకి వాటంతట అవి రావు. “పర్మిట్ లేకుండా లోపలికి వెళ్లరాదు” అని వాళ్లు దిద్దితే, వచ్చే నెల అదే వాక్యానికి మన పాత అనువాదమే పైకొస్తుంది. నేను ఒమేగాటీలో రివ్యూ కాని ఫైళ్ల టీఎంఎక్స్‌ను `tm/penalty-010` ఫోల్డర్‌లో ఉంచుతాను. దాని మ్యాచ్‌లకు పది శాతం కోత పడుతుంది, కాబట్టి చూడకుండా దాటేయలేం. దిద్దుబాట్లు ప్రాజెక్టులో చేర్చాకే మామూలు `tm` లోకి మారుస్తాను.

లాసన్స్‌బే_ఎడిటర్
మెమోక్యూలో వర్కింగ్ టీఎం, మాస్టర్ టీఎం వేరుగా పెట్టుకుంటే ఇదే పని జరుగుతుంది. రివ్యూ అయినవే మాస్టర్‌లోకి.

గాజువాక_వాణి
మా వాళ్లు దిద్దుబాట్లు పీడీఎఫ్ మీద పెన్నుతో రాసి స్కాన్ చేసి పంపుతారు. అవి ప్రాజెక్టులోకి తెచ్చే దారేమైనా ఉందా?

సీతమ్మధార_లత
నేనైతే చేత్తోనే ఎక్కిస్తున్నాను. వేరే దారి తెలిసినవాళ్లు చెప్పండి, నాకూ కావాలి.