వరికి జీవన ఎరువులు వేసి బస్తాలు తగ్గిస్తే చేను పాలిపోయింది

కోవూరు మాగాణి: మూడెకరాల్లో నెల్లూరు మసూరి. దమ్ములో ఎకరానికి రెండేసి కిలోల అజోస్పైరిల్లం, పీఎస్‌బీ పొడులు పశువుల ఎరువులో కలిపి చల్లాను. ఆ ధైర్యంతో డీఏపీ బస్తా మానేశాను, రెండు బస్తాల యూరియా ఒకటి చేశాను. నాటి 35 రోజులైంది. కింది ఆకులు పసుపెక్కాయి, పిలకలు పలచగా ఉన్నాయి. పొడి నకిలీదా?

అద్దంకి శనగ: మొక్క పీకి చూడన్నా. నేను శనగ విత్తనానికి రైజోబియం పట్టిస్తే వేళ్లకు బుడిపెలు వచ్చాయి. నీ వరికి లేకపోతే సరుకు చచ్చినట్టే.

రిటైర్డ్ ఏఈఓ: బుడిపెలు రైజోబియంతో పప్పుజాతి పైర్లకే వస్తాయి తమ్ముడూ. అజోస్పైరిల్లం వేళ్ల చుట్టూ, కొంత వేళ్ల లోపల ఉంటుంది, బుడిపె కట్టదు. మాగాణి వారు లెక్క చూడండి. యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలు, డీఏపీ బస్తాలో మరో 9. అంటే ఎకరానికి 30 కిలోల దాకా కోశారు. అజోస్పైరిల్లం బాగా పనిచేసిన చోట కూడా పది కిలోల లోపే ఇస్తుంది. పొడి మంచిదైనా ఈ లోటు పూడదు.

కోవూరు మాగాణి: డీఏపీలో నత్రజని సంగతే మర్చిపోయా సార్! ప్యాకెట్ మీద గడువు ఇంకా రెండు నెలలుంది. కానీ ఆ కొట్టు రేకుల షెడ్డు, లోపల నిలబడితే చెమట కారిపోయింది.

రిటైర్డ్ ఏఈఓ: అయితే గడువు తేదీని నమ్మలేం, ఎండకు బ్యాక్టీరియా ముందే చస్తుంది. బతికున్నదీ చచ్చినదీ కంటికి ఒకేలా ఉంటుంది, ల్యాబ్‌లో లెక్కిస్తేనే తెలుస్తుంది. ప్రస్తుతానికి నీళ్లు తీసి, ఎకరానికి పాతిక కిలోల యూరియా చల్లండి. వారం పదిరోజుల్లో పచ్చబడితే లోటు నత్రజనిదే.

నాయుడుపేట రైతు: మేం పీఎస్‌బీ వేసి రెండేళ్లుగా డీఏపీ సగమే వేస్తున్నాం, నత్రజని లోటు యూరియాతో సరిచేస్తాం. గింజ తగ్గలేదు. పనిచేయదని ఎలా అంటారు?

రిటైర్డ్ ఏఈఓ: పనిచేయదనలేదు. పీఎస్‌బీ భాస్వరం తయారు చేయదు, నేలలో బిగుసుకున్న దాన్ని తాను వదిలే ఆమ్లాలతో కరిగిస్తుంది. నీళ్లు నిలబెట్టిన మాగాణిలో భాస్వరం కొంత తనంతటే వదులవుతుంది. పైగా ఏళ్ల తరబడి వేసిన డీఏపీ నేలలో ఉండే ఉంటుంది. ఆ పేరు పీఎస్‌బీకి వచ్చిందేమో! పొడి వేయకుండా ఒక మడి వదిలారా?

నాయుడుపేట రైతు: లేదు. మొత్తం వేసేశాం.

అద్దంకి శనగ: మా నల్లరేగడిలో సున్నం గడ్డలు తేలతాయి సార్, అక్కడ పనికొస్తుందా?

రిటైర్డ్ ఏఈఓ: వదిలిన ఆమ్లాన్ని ఆ సున్నమే చాలా వరకు చప్పబరుస్తుంది. ల్యాబ్ గిన్నెలో కనిపించినంత ఫలితం చేలో ఆశించొద్దు. డీఏపీ మాత్రం మట్టి పరీక్ష చూసుకోకుండా మానొద్దు.

నాయుడుపేట రైతు: నాకైతే కలిసొచ్చింది సార్. ఈసారి పది సెంట్లు వదిలి చూస్తా.

కోవూరు మాగాణి: యూరియా చల్లాను. ఐదో రోజు, లేత ఆకుల్లో రంగు తిరిగింది, కింది ఆకులు అలానే ఉన్నాయి.